రాజయోగం, ధనయోగం జాతకంలో ఉంటే సరిపోతుందా? పనిచేస్తున్నాయో లేదో ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న: నాది కన్యా లగ్నం. మిథునంలో బుధుడు 3 డిగ్రీలు, శుక్రుడు 18 డిగ్రీలు. వృషభంలో రవి 24 డిగ్రీలు, ధనుస్సులో శని, కుంభంలో చంద్రుడు (శతభిషం). పుట్టినప్పుడు రాహు దశ ఇంకా 6 ఏళ్లు మిగిలి ఉంది. యాప్ నాకు 8 రాజయోగాలు, ధనయోగాలు చూపిస్తోంది. ఇప్పుడు 34 ఏళ్లు. ఉద్యోగం మామూలే, చేతిలో డబ్బు నిలవదు. ఇవి నిజంగా ఉన్నట్టా, లేనట్టా?

సమాధానం:

ఉన్నాయండి. కాకపోతే ఎనిమిది కాదు, రెండే. ఆ రెండిట్లోనూ శుక్రుడి వాటా గట్టిగా ఉంది, బుధుడి వాటా కొంత తగ్గింది. యోగాన్ని పూర్తిగా ఇవ్వాల్సిన బుధ మహాదశ మీకు ఇంకా మొదలే కాలేదు, 41వ ఏట మొదలవుతుంది. కానీ దాని శాంపిల్ లాంటి రెండు భుక్తులు, అంటే మహాదశ లోపల వచ్చే ఉపదశలు, 25 నుంచి 32 ఏళ్ల మధ్య ఇప్పటికే వెళ్లిపోయాయి. యోగం పనిచేస్తుందా లేదా అన్నది ఆ రెండు భుక్తుల్లో ఏం జరిగిందో చూస్తే తెలుస్తుంది. దాన్ని ఎలా చూడాలో మీ జాతకం మీదే చెబుతాను.

ముందు ఆ ఎనిమిది లెక్క సంగతి. పరాశర పద్ధతిలో కేంద్రాధిపతికి (1, 4, 7, 10), కోణాధిపతికి (1, 5, 9) సంబంధం కుదిరితే రాజయోగం అంటాం. ధన, లాభ స్థానాల (2, 11) అధిపతులు లగ్న, కోణాధిపతులతో కలిస్తే ధనయోగం. సంబంధం అంటే ఒకే రాశిలో ఉండటం, ఒకరినొకరు చూసుకోవడం, లేదా ఒకరి ఇంట్లో ఒకరు ఉండే పరివర్తన.

కన్యా లగ్నానికి బుధుడు 1, 10 స్థానాలకు అధిపతి. శుక్రుడు 2, 9కి అధిపతి. వీళ్లిద్దరూ మీకు మిథునంలో, అంటే దశమంలో కలిశారు. యాప్ ఈ ఒక్క కలయికను ఇలా విడగొడుతుంది: 9, 10 అధిపతులు కలిశారు కాబట్టి ధర్మకర్మాధిపతి యోగం ఒకటి, 9, 1 అధిపతులు కలిశారు కాబట్టి ఇంకో రాజయోగం, 1, 2 అధిపతులు కలిశారు కాబట్టి ధనయోగం, బుధుడు స్వక్షేత్రంలో, కేంద్రంలో ఉన్నాడు కాబట్టి భద్ర మహాపురుష యోగం. అక్కడికి నాలుగు. ఆ తర్వాత ధనుస్సులోని శని ఏడో దృష్టితో మిథునాన్ని, మిథునంలోని ఇద్దరూ శనిని చూస్తున్నారు. శని మీకు పంచమాధిపతి. అతనితో 1, 10, 2, 9 ఆధిపత్యాలను ఒక్కొక్కటిగా జతచేస్తే మరో నాలుగు. ఎనిమిదీ వచ్చేశాయి.

జీవితంలో మాత్రం అవి ఎనిమిది వేర్వేరు సంఘటనలుగా రావు. ముగ్గురు గ్రహాలు, రెండు సంబంధాలు, అంతే. యోగాల సంఖ్య చూసి జాతకాన్ని తూచేవాళ్లను చూస్తే నాకు చిరాకు. ఏ గ్రహాలు, ఎన్ని గ్రహాలు అని అడగాలి గానీ ఎన్ని యోగాలు అని కాదు.

ఇంకో మాట కూడా నిర్మొహమాటంగా చెప్పాలి. బుధుడు రవి నుంచి 28 డిగ్రీలు దాటి వెళ్లడు, శుక్రుడు సుమారు 47 డిగ్రీలు దాటడు. కాబట్టి బుధ శుక్రులు ఒకే రాశిలో ఉండటం అరుదేమీ కాదు. వాళ్లు మిథునంలో కలిసి ఉన్నన్ని రోజులూ, రోజుకు సుమారు రెండు గంటలు ఉండే కన్యా లగ్నంలో పుట్టిన ప్రతివాళ్లకూ ఇదే యోగం ఉంటుంది. వాళ్లందరూ పెద్ద అధికారులూ కోటీశ్వరులూ కాలేదు కదా. తేడా ఎక్కడ వస్తుందంటే డిగ్రీల్లో, రాశిని తొమ్మిది భాగాలు చేసి చూసే నవాంశలో, దశల వరుసలో.

లగ్నం డిగ్రీ మీరు రాయలేదు. అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే. లగ్నం సుమారు నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ కదులుతుంది. మీ లగ్నం కన్యలో 10, 15 డిగ్రీల దగ్గర ఉంటే భయం లేదు. 28, 29 డిగ్రీల దగ్గర ఉంటే మాత్రం పుట్టిన సమయంలో ఐదు, పది నిమిషాల తేడా వచ్చినా లగ్నం తులకు మారిపోతుంది. అప్పుడు శుక్రుడు 1, 8 అధిపతి అవుతాడు, బుధుడు 9, 12 అధిపతి అవుతాడు. గ్రహాలు అవే, రాశి అదే, కానీ భద్ర యోగం ఉండదు, ధర్మకర్మాధిపతి యోగం ఉండదు. వ్యయాధిపత్యం, అష్టమాధిపత్యం వచ్చి కలుస్తాయి. ఆసుపత్రి కాగితంలో సమయం రౌండ్ చేసి రాసి ఉంటే ఈ పాయింట్ దాటకుండా ముందుకు వెళ్లొద్దు. కింద చెప్పేదంతా లగ్నం నిజంగా కన్యే అనుకుని చెబుతున్నాను.

ఇప్పుడు గ్రహాలకు ఇచ్చే శక్తి ఉందా?

బుధుడితో మొదలుపెడదాం. స్వక్షేత్రం, దశమం, లగ్నాధిపతి. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. కానీ రవి వృషభంలో 24వ డిగ్రీలో, బుధుడు మిథునంలో 3వ డిగ్రీలో ఉన్నారు. రాశులు వేరైనా మధ్య దూరం 9 డిగ్రీలే. రవికి మరీ దగ్గరై గ్రహం వెలుగు తగ్గడాన్ని అస్తంగత్వం అంటాం, బుధుడికి దాని పరిమితి 14 డిగ్రీలు, వెనక్కి నడిచే వక్రంలో ఉంటే 12. అంటే మీ బుధుడు అస్తంగతుడు. చాలామంది రాశిచక్రం మాత్రమే చూసి, రవి వేరే గడిలో ఉన్నాడు కదా అని దీన్ని వదిలేస్తారు. పైగా మీకు రవి వ్యయాధిపతి.

అస్తంగత్వం ఉందని యోగం చచ్చిపోయినట్టు కాదు. బుధుడు ఎప్పుడూ రవి చుట్టుపక్కలే తిరుగుతాడు కాబట్టి అతని అస్తంగత్వాన్ని కుజుడిదో, గురుడిదో చూసినంత కఠినంగా నేను చూడను. స్వక్షేత్రంలో ఉండటం దెబ్బను ఇంకా తగ్గిస్తుంది. నేను చూసిన జాతకాల్లో ఇలాంటి బుధుడు పని ఇస్తాడు, పేరు ఆలస్యంగా ఇస్తాడు. పని చేసింది మీరైతే మీటింగ్‌లో పేరు పై అధికారిది అవుతుంది. మీ చక్రంలో బుధుడి పక్కన వక్ర గుర్తు ఉందేమో చూడండి. లేకపోతే అతను రవి కంటే వేగంగా ముందుకు వెళ్తూ ఆ వెలుగులోంచి బయటపడుతున్నాడని, అది కాస్త నయం. వక్రంలో ఉంటే మళ్లీ రవి వైపే వస్తున్నాడు, బలం ఇంకొంచెం తగ్గించుకోవాలి.

నవాంశలో మిథునం 3 డిగ్రీలు తులలో పడుతుంది. తుల శుక్రుడి ఇల్లు, బుధుడికి మిత్ర క్షేత్రం. ఫర్వాలేదు. మొత్తం మీద బుధుడికి మధ్యస్థ బలం అంటాను.

శుక్రుడి సంగతి వేరు. రవికి 24 డిగ్రీల దూరం, అస్తంగత్వం లేదు. మిథునం మిత్రుడి ఇల్లు. 18 డిగ్రీలు నవాంశలో మీనంలో పడుతుంది, అది శుక్రుడికి ఉచ్చ. రాశిచక్రంలో మామూలుగా కనిపించి నవాంశలో ఉచ్చలో ఉన్న గ్రహాన్ని నేను ఎప్పుడూ తక్కువ అంచనా వేయను. మీ యోగానికి అసలు ఇంజిన్ శుక్రుడే. బుధ శుక్రుల మధ్య 15 డిగ్రీల దూరం ఉంది. ఒకే రాశి కాబట్టి యుతే, కానీ ఐదారు డిగ్రీల లోపల ఉన్నప్పటి చిక్కదనం ఉండదు. అందువల్ల ఇద్దరూ కలిసి ఒకే దెబ్బకు ఇవ్వరు, ఎవరి కాలంలో వాళ్లు ఇస్తారు.

ఇక శని. కన్యా లగ్నానికి 5, 6 అధిపతి, అంటే మిశ్రమ ఫలితం. అతని మూలత్రికోణం కుంభం, మీకు అది ఆరో ఇల్లు, కాబట్టి పంచమం కంటే షష్ఠం పాలు కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. నాలుగో ఇంట్లో కూర్చుని మూడో దృష్టితో చంద్రుణ్ణి, ఏడో దృష్టితో బుధ శుక్రుల్ని, పదో దృష్టితో లగ్నాన్ని చూస్తున్నాడు. యోగంలో భాగస్వామీ అతనే, బ్రేకూ అతనే.

"డబ్బు నిలవదు" అన్న మాటకు జవాబు ఇక్కడే ఉంది. ధనయోగం అంటే లక్షలు వచ్చి పడటం అనుకుంటారు. లాభ స్థానం డబ్బు వచ్చే దారి, ధన స్థానం అది నిలిచే చోటు. మీ లాభాధిపతి చంద్రుడు, అతను ఆరో ఇంట్లో, కృష్ణపక్షంలో, శని దృష్టిలో ఉన్నాడు. ఆరో ఇల్లు కొలువు, అప్పు రెండూ చెబుతుంది. అంటే మీ రాబడి ప్రధానంగా జీతం, అది వచ్చేటప్పుడే వాయిదాలకు లెక్కకట్టి వస్తుంది. మీ ధనాధిపతి శుక్రుడు బాగున్నాడు కాబట్టి ఆస్తి ఏర్పడుతుంది, కానీ నగదుగా చేతిలో ఆడదు. ఇప్పుడు నడుస్తున్నది షష్ఠాధిపతి కూడా అయిన శని దశ, ఆ శని గృహస్థానంలో ఉన్నాడు. ఇల్లో, వాహనమో లోన్ మీద కొని ఉంటే నాకు ఆశ్చర్యం లేదు. అది ధనయోగం విఫలం కావడం కాదు, ఈ దశలో అది తీసుకున్న రూపం. మీరు ఏ అప్పూ లేకుండా ఉండి, అయినా డబ్బు నిలవకపోతే మాత్రం నేను చెప్పిన ఈ భాగం మీకు సరిపోలేదని లెక్క.

ఇక దశలు. యోగం తేలేది ఇక్కడే. యోగంలో ఉన్న గ్రహం దశగానో, భుక్తిగానో రాకుండా యోగం పండదు. పుట్టినప్పుడు రాహు దశ 6 ఏళ్లు మిగిలింది అన్నారు కాబట్టి గురు దశ 6 నుంచి 22 వరకు, శని దశ 22 నుంచి 41 వరకు, బుధ దశ 41 నుంచి 58 వరకు. మధ్యలో కేతువు ఏడేళ్లు, ఆ తర్వాత శుక్ర దశ 65లో మొదలవుతుంది.

ఇక్కడే దురదృష్టం కొంచెం కనిపిస్తోంది. మీ యోగంలో బలమైన గ్రహం శుక్రుడు, అతని మహాదశ ఉద్యోగం ముగిసిన వయసులో వస్తోంది. కాబట్టి శుక్రుడి ఫలితం ఉద్యోగ వయసులో భుక్తుల ద్వారానే అందాలి. శని దశలో భుక్తులు ఇలా వచ్చాయి:

- శని, బుధ భుక్తి: 25 ఏళ్ల నుంచి సుమారు 27 ఏళ్ల 8 నెలల వరకు
- కేతు భుక్తి: తర్వాత 13 నెలలు
- శుక్ర భుక్తి: సుమారు 28 ఏళ్ల 9 నెలల నుంచి దాదాపు 32 వరకు
- రవి భుక్తి: తర్వాత 11 నెలలు
- చంద్ర భుక్తి: సుమారు 33 నుంచి 34న్నర వరకు

మహాదశాధిపతి తనతో సంబంధం ఉన్న గ్రహాల భుక్తుల్లో యోగాన్ని బయటికి తెస్తాడని పరాశర సంప్రదాయం చెబుతుంది. శనికి బుధ శుక్రులతో పరస్పర దృష్టి ఉంది. కాబట్టి పైన చెప్పిన బుధ, శుక్ర భుక్తులు ఖాళీగా పోకూడదు. నేను గ్రహబలం లెక్కవేసింది సరైనదైతే బుధ భుక్తి కంటే శుక్ర భుక్తి స్పష్టంగా మెరుగ్గా ఉండి తీరాలి. ఆ మధ్యలో వచ్చిన కేతు భుక్తి, తర్వాత వచ్చిన రవి భుక్తి దానికంటే చప్పగా ఉండాలి. ఇప్పుడు మీరు ఉన్నది చంద్ర భుక్తి చివర్లో. అది యోగానికి సంబంధం లేని, ఆరింట ఉన్న గ్రహం. "మామూలుగా ఉంది" అని మీకు అనిపించడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

పరీక్ష ఇలా చేయండి. భుక్తుల పట్టిక పక్కన పెట్టుకుని గుర్తు తెచ్చుకోవద్దు. అలా చేస్తే మనసు ప్రతి మంచినీ శుక్రుడి ఖాతాలో వేసేస్తుంది. ముందు ఈ పేజీ మూసేసి, 22 నుంచి ఇప్పటివరకు ఉద్యోగం, జీతం, పదవి, ఆస్తి, అప్పు విషయాల్లో జరిగినవన్నీ నెల, సంవత్సరంతో కాగితం మీద రాయండి. ఆఫర్ లెటర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, రిజిస్ట్రేషన్ కాగితాలు చూసి రాస్తే ఇంకా మంచిది. చెడ్డవీ రాయండి. ఆ తర్వాతే భుక్తుల తేదీలు పక్కన వేయండి.

ప్రమోషన్, టీమ్ మీద అధికారం, జీతంలో పెద్ద మార్పు, ఆస్తి లాంటివి శుక్ర భుక్తిలో గుంపుగా కనబడి, కేతు, రవి భుక్తుల్లో లేకపోతే యోగం బతికే ఉంది. బుధ దశ మీద నమ్మకం పెట్టుకోవచ్చు. అన్ని భుక్తుల్లోనూ సమానంగా చెల్లాచెదురుగా ఉంటే అది మీ కష్టానికి వచ్చిన సహజమైన ఎదుగుదల, యోగానికి సాక్ష్యం కాదు. శుక్ర భుక్తి మూడేళ్లూ ఖాళీగా పోయి, కేతు భుక్తిలో మంచి జరిగి ఉంటే లగ్నమో, దశ లెక్కో తప్పని అనుమానించాలి. అప్పుడు యోగాల గురించి మాట్లాడటం మానేసి జనన సమయం సరిచూసుకోవాలి.

దశ లెక్క తప్పడానికి చాలామంది పట్టించుకోని కారణం అయనాంశ, అంటే రాశిచక్రం ఎక్కడ మొదలవుతుందో తేల్చే సవరణ. లాహిరి అయనాంశకూ రామన్ అయనాంశకూ దాదాపు ఒకటిన్నర డిగ్రీ తేడా ఉంది. చంద్రుడు రాహు నక్షత్రంలో ఉన్న మీలాంటి వాళ్లకు ఆ తేడాతో దశలన్నీ సుమారు రెండేళ్లు జరుగుతాయి. ఒక యాప్‌లో శుక్ర భుక్తి, ఇంకో యాప్‌లో రవి భుక్తి కనిపించడం ఇందువల్లే. బుధుడి నవాంశ కూడా తుల నుంచి వృశ్చికానికి మారిపోతుంది. ఒకే అయనాంశ పట్టుకోండి. నేను లాహిరి వాడతాను, పై లెక్క మీరిచ్చిన దశ శేషం మీద వేసింది.

యోగం ఉండి దశ వయసుకు కుదరకపోతే ఏమవుతుందో చెప్పడానికి నా దగ్గరికి వచ్చిన ఒక జాతకం చెబుతాను. కర్కాటక లగ్నం. కుజుడు 5, 10 అధిపతి, ఆ లగ్నానికి ఒక్కడే యోగకారకుడు. మకరంలో ఉచ్చలో, కేంద్రంలో, అస్తంగత్వం లేకుండా ఉన్నాడు. చూడగానే ఎవరైనా మెచ్చుకునే యోగం. కానీ కుజ దశ ఉండేదే ఏడేళ్లు, అది ఆయనకు మూడో ఏట మొదలై పదో ఏట అయిపోయింది. ఆ ఏడేళ్లలో తండ్రికి పదోన్నతులు వచ్చాయి, ఇల్లు కట్టారు. ఆయన మాత్రం నలభై దాటాక "నా రాజయోగం ఏది?" అని అడుగుతూ వచ్చారు. యోగం పండింది, ఫలం అనుభవించింది ఇంటివాళ్లు. తర్వాతి దశల్లో కుజ భుక్తులు వచ్చినప్పుడల్లా ఆయనకు బదిలీతో కూడిన చిన్న పదవులు వచ్చాయి, అంతకు మించి లేదు. మీ పరిస్థితి ఇంతకంటే చాలా నయం, 41 నుంచి 58 అంటే బాధ్యతలు చేతికి వచ్చే వయసు.

ఒక్కో ఇంటి బలాన్ని బిందువుల్లో చెప్పే సర్వాష్టకవర్గు ఒక్కసారి చూడండి. మొత్తం బిందువులు 337, అంటే ఇంటికి సగటున 28. మీ దశమంలో (మిథునం) 30 దాటి, లాభంలో (కర్కాటకం) అంతకంటే ఎక్కువ, వ్యయంలో (సింహం) లాభం కంటే తక్కువ ఉంటే రాబడి శ్రమకు తగ్గట్టు ఉంటుంది, కొంత మిగులుతుంది. దశమంలో 25 లోపు ఉంటే బుధ దశ నుంచి నేను చెప్పినదాన్ని ఒక మెట్టు తగ్గించుకోండి. గోచారం గురించి పెద్దగా చెప్పను. దశ ఒప్పుకున్న కాలంలో ఏ నెలలో జరుగుతుందో చెప్పడానికి పనికొస్తుంది, దశ ఇవ్వనిదాన్ని అది తెచ్చిపెట్టదు.

బుధ దశ నుంచి ఏం ఆశించవచ్చు? రాజయోగం అనగానే సింహాసనం గుర్తుకొస్తుంది. ఈ రోజుల్లో అది సంతకానికి విలువ ఉండే స్థానం. దశమంలో బుధ శుక్రులు కాబట్టి లెక్కలు, రాత, ఒప్పందాలు, డిజైన్, సలహా ఇచ్చే పనుల్లో అధికారం. అస్తంగత్వం వల్ల మొదటి రెండున్నర ఏళ్లు, అంటే బుధ దశలో బుధ భుక్తి, పని ఎక్కువ, గుర్తింపు తక్కువ కావచ్చు. నేను ఎక్కువ ఆశ పెట్టుకునేది దాని తర్వాత కేతు భుక్తి దాటి వచ్చే శుక్ర భుక్తి మీద. అది సుమారు 44న్నర నుంచి 47 ఏళ్ల వరకు. అది కూడా మీరు ఇప్పుడు ఉన్న స్థాయి నుంచి ఒకటి రెండు మెట్లు పైకి, ఎక్కడో ఆకాశానికి కాదు. దీన్ని నమ్ముకుని ఇప్పుడే ఉద్యోగం వదిలి వ్యాపారం పెట్టడం, కొత్త అప్పు చేయడం వద్దు. ఆరింట లాభాధిపతి ఉన్నవాళ్లకు నేను ఎప్పుడూ ఇదే చెబుతాను.

అంతవరకు మధ్యలో ఉన్నది కుజ భుక్తి 35న్నర దాకా, తర్వాత రాహు భుక్తి సుమారు 38 ఏళ్ల 5 నెలల వరకు, ఆపై గురు భుక్తి 41 వరకు. కన్యా లగ్నానికి కుజుడు 3, 8 అధిపతి, ఆ ఏడాది హడావిడి నిర్ణయాలు తగ్గించుకోండి. రాహువుకు సొంత ఇల్లు లేదు కాబట్టి ఉన్న రాశి అధిపతిని బట్టి, కలిసిన గ్రహాన్ని బట్టి ఇస్తాడు. అతను బుధ శుక్రులతో కలిసినా, వాళ్ల ఇళ్లలో ఉన్నా యోగం 41 దాకా ఆగకుండా రాహు భుక్తిలోనే కదలడం మొదలుపెడుతుంది. రాహువు ఏ రాశిలో ఉన్నాడో, లగ్నం డిగ్రీ ఎంతో, కాగితం మీద రాసిన తేదీల్లో ఏం తేలిందో ఇక్కడ రాస్తే మిగతాది చూసి చెబుతాను.